వంటసోడాలో వెనిగర్ పోస్తే ఎందుకు పొంగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఒక ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రం చెబుతాను. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. అది దగ్గరపడుతుంటే సోడా, వెనిగర్ ప్రయోగం గురించి పిల్లలు, తల్లిదండ్రులు, తోటి టీచర్లు ఏటా అవే సందేహాలు అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే దానికే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## సామాను తెచ్చుకునేటప్పుడు

కిరాణా కొట్లో అడిగితే మూడు రకాల సోడా చూపించారు. ఏది తీసుకోవాలి?

వంటసోడా తీసుకోండి. పాతబస్తీ కొట్లలో దాన్నే మీఠా సోడా అంటారు. మిర్చి బజ్జీల పిండిలో చిటికెడు వేసేది అదే. దాని రసాయన నామం సోడియం బైకార్బొనేట్, ఫార్ములా NaHCO3. బట్టల సోడా వేరు, అది సోడియం కార్బొనేట్. వెనిగర్ పోస్తే అదీ పొంగుతుంది కానీ దాని క్షారగుణం చాలా ఎక్కువ, చర్మానికీ కళ్లకూ మంచిది కాదు, పిల్లల చేతికి ఇవ్వకండి. మూడోది బేకింగ్ పౌడర్. అందులో వంటసోడాతో పాటు పొడి ఆమ్లం, పిండి ముందే కలిపి ఉంటాయి. మామూలు నీళ్లు పోసినా అది పొంగుతుంది కాబట్టి వెనిగర్ వల్ల ఏం జరిగిందో పిల్లలకు చూపించలేం.

ఏ వెనిగర్ కొనాలి? ల్యాబ్‌లో ఉన్న ఎసిటిక్ ఆమ్లం వాడొచ్చా?

నూడుల్స్‌లో వేసుకునే తెల్ల వెనిగర్ చాలు. సీసా లేబుల్ మీద ఎసిటిక్ ఆమ్లం శాతం రాసి ఉంటుంది, మన దగ్గర ఎక్కువగా 4 శాతం దగ్గర్లో దొరుకుతుంది. ఆ అంకెను నోట్‌బుక్‌లో రాయించండి, లెక్క వేసేటప్పుడు అవసరమవుతుంది. ల్యాబ్ అల్మారాలో ఉండే గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం జోలికి మాత్రం వెళ్లకండి. అది దాదాపు నూరు శాతం ఆమ్లం. చర్మాన్ని కాలుస్తుంది, దాని ఆవిరి కళ్లనూ ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది.

వెనిగర్ లేకపోతే నిమ్మరసం, చింతపండు పులుసు పనికొస్తాయా?

పనికొస్తాయి. నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం, చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటాయి. పొంగుకు కారణం ఆమ్లమే కనుక ఏ పులుపైనా పొంగిస్తుంది. కాకపోతే ఒక కాయకూ ఇంకో కాయకూ పులుపు మారుతుంది. కేవలం చూపించడానికైతే నిమ్మకాయ సరిపోతుంది. కొలిచి లెక్క కట్టాలంటే మాత్రం శాతం రాసి ఉన్న వెనిగరే కావాలి.

## పొంగుతున్నప్పుడు

అసలు లోపల ఏం జరుగుతోంది?

రెండు అడుగులుగా జరుగుతుంది. మొదట వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం ఒక హైడ్రోజన్ అయాన్‌ను ఇస్తుంది, సోడాలోని బైకార్బొనేట్ దాన్ని అందుకుంటుంది. అలా అందుకోగానే అది కార్బానిక్ ఆమ్లం అవుతుంది. ఆ ఆమ్లం అంత మోతాదులో నిలవలేదు, వెంటనే నీరుగా, కార్బన్ డైఆక్సైడ్‌గా విడిపోతుంది. రెండు అడుగులూ కలిపి రాస్తే ఇలా ఉంటుంది:

```
NaHCO3 + CH3COOH → CH3COONa + H2O + CO2
```

పుట్టిన వాయువంతా నీటిలో ఇమడలేదు. ఇమడనిది సోడా రేణువుల గరుకు అంచుల దగ్గర, గ్లాసు గోడ మీది సన్నటి గీతల దగ్గర బుడగ కట్టి పైకి లేస్తుంది. ఒక గాజు గ్లాసులో వెనిగర్ పోసి పైనుంచి నాలుగు రేణువుల సోడా వేసి, కళ్లు గ్లాసు పక్కకు తెచ్చి చూడమనండి. ప్రతి రేణువూ బుడగల తోకతో కిందికి దిగుతుంది. కొన్ని బుడగలు అంటుకుని సగం దారిలోనే మళ్లీ పైకి తేలతాయి, పైన బుడగ పగలగానే తిరిగి మునుగుతాయి. బుస్సుమని పొంగే పెద్ద అగ్నిపర్వతం కంటే ఆ నాలుగు రేణువుల్లోనే ఎక్కువ రసాయన శాస్త్రం కనబడుతుందని నా అనుభవం.

పొంగుతోంది కదా, మరి గ్లాసు చల్లగా ఎందుకు అవుతోంది?

పొంగడం అంటే మరగడం కాదు. ఈ చర్య చుట్టుపక్కల నుంచి వేడిని తీసుకుంటుంది, అంటే ఇది ఉష్ణగ్రాహక చర్య. సోడా నీటిలో కరగడానికీ, వాయువు ద్రావణాన్ని వదిలి బయటికి రావడానికీ వేడి కావాలి. ఆ వేడి వెనిగర్ నుంచే వస్తుంది కాబట్టి అది చల్లబడుతుంది. 50 మిల్లీలీటర్ల వెనిగర్‌లో అరచెంచాకు కాస్త ఎక్కువ సోడా వేసి థర్మామీటర్ పెడితే కొన్ని డిగ్రీలు దిగడం కనిపిస్తుంది. ల్యాబ్ థర్మామీటర్ వాడండి, జ్వరం చూసేది ఇంత తక్కువ ఉష్ణోగ్రతలు చూపించదు.

గిన్నెల సబ్బు కలిపితే ఎక్కువ వాయువు వస్తుందా?

రాదు. వాయువు అంతే వస్తుంది. మామూలుగా పైకి రాగానే పగిలిపోయే బుడగలను సబ్బు పొర పట్టి ఉంచుతుంది కాబట్టి నురగ ఎక్కువగా కనిపిస్తుంది, అంతే.

## బెలూన్‌తో వాయువును కొలవడం

బెలూన్ ప్రయోగానికి సరైన కొలతలు చెప్పండి.

అర లీటరు నీళ్ల సీసాలో 4 శాతం వెనిగర్ 50 మిల్లీలీటర్లు పోయండి. కొలపాత్ర లేకపోతే మందు సీసాతో వచ్చే 10 మిల్లీలీటర్ల మూతతో ఐదుసార్లు పోస్తే సరి. బెలూన్‌ను ముందు ఒకసారి నోటితో ఊది గాలి వదిలేయండి, రబ్బరు మెత్తబడుతుంది. కాగితాన్ని గరాటులా చుట్టి 2.8 గ్రాముల సోడాను బెలూన్‌లోకి జార్చండి. త్రాసు లేకపోతే తలసమానంగా నింపిన టీస్పూన్‌కు దాదాపు 5 గ్రాములు వస్తుంది కాబట్టి అరచెంచా కంటే కొంచెం ఎక్కువ వేయండి. బెలూన్ కిందికి వేలాడుతుండగానే దాని మూతిని సీసా మూతికి తొడిగి, తర్వాత నిలువుగా ఎత్తి దులపండి. మూతి దగ్గర ఒకరు వేళ్లతో పట్టుకోవాలి, లేకపోతే ఊడిపోయి నురగ ముఖం మీదికి వస్తుంది. రబ్బరు పడని పిల్లలుంటే వాళ్లకు కొలిచే పని ఇవ్వండి, బెలూన్ ముట్టనీయొద్దు.

సోడా ఎక్కువేస్తే బెలూన్ ఇంకా పెద్దగైతది కదా సార్?

ఏటా ఏదో ఒక బెంచీ నుంచి ఈ ప్రశ్న వస్తుంది. కాదని చెప్పేయకుండా చేయించి చూపిస్తాను.

మూడు సీసాలు పెట్టండి. మూడింటిలోనూ వెనిగర్ 50 మిల్లీలీటర్లే. బెలూన్లలో సోడా మాత్రం 1.4, 2.8, 5.6 గ్రాములు. ఎత్తి దులిపాక పిల్లలు ఆశ్చర్యపోయేది మూడో బెలూన్‌ను చూసి. సోడా రెండింతలు వేసినా అది రెండో బెలూన్ అంతే ఉంటుంది.

కారణం లెక్కలో ఉంది. 4 శాతం అంటే 100 మిల్లీలీటర్లలో 4 గ్రాముల ఆమ్లం, అంటే 50 మిల్లీలీటర్లలో 2 గ్రాములు. 60 గ్రాముల ఎసిటిక్ ఆమ్లానికి 84 గ్రాముల సోడా జత. ఆ లెక్కన 2 గ్రాములకు 2.8 గ్రాములు చాలు. అంతకుమించి వేసిన సోడాకు జత కట్టడానికి ఆమ్లం మిగల్లేదు. పెళ్లి భోజనాల్లో ఇస్తర్లు యాభై ఉండి అన్నం వంద మందికి వండితే ఒక బంతికి కూర్చోగలిగేది యాభై మందే కదా, ఇదీ అలాంటిదే. ముందు అయిపోయే పదార్థమే వాయువు ఎంతో నిర్ణయిస్తుంది.

మిగిలింది సోడానా, ఆమ్లమా అన్నది కంటితో చూసి చెప్పలేం. మిగులు సోడా కూడా ఆ నీటిలో కరిగిపోయి ఉంటుంది, అడుగున తెల్లగా ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే ప్రతి సీసాలోని ద్రావణాన్ని రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో చిటికెడు సోడా, రెండోదాంట్లో కొంచెం వెనిగర్ వేయండి. సోడా వేస్తే పొంగితే ఆమ్లం మిగిలినట్టు, వెనిగర్ పోస్తే పొంగితే సోడా మిగిలినట్టు. మొదటి సీసాది సోడాకు పొంగుతుంది, మూడో సీసాది వెనిగర్‌కు పొంగుతుంది. రెండో సీసాది దేనికీ పెద్దగా పొంగదు.

సోడా సగం వేస్తే బెలూన్ సగమే ఉండాలి. కానీ కొంచెమే చిన్నగా ఉందేంటి?

వాయువు సగమే వచ్చింది. కంటికి కనబడేది బెలూన్ వెడల్పు, వాయువు ఉన్నది దాని ఘనపరిమాణంలో. ఘనపరిమాణం సగమైతే వెడల్పు దాదాపు ఐదో వంతే తగ్గుతుంది. దారం చుట్టి కొలిస్తే 2.8 గ్రాముల బెలూన్ చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు, 1.4 గ్రాములది సుమారు 28 సెంటీమీటర్లు వస్తుంది. బెలూన్ నిండు గుండ్రంగా ఉండదు కనుక ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా సహజం. తొమ్మిది, పది తరగతుల వాళ్లతో గోళం ఘనపరిమాణం సూత్రం వాడించండి, లెక్కల పీరియడ్ ఇక్కడే పనికొస్తుంది.

లెక్క ప్రకారం ఎంత వాయువు రావాలి?

60 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం నుంచి 44 గ్రాముల కార్బన్ డైఆక్సైడ్ వస్తుంది, కాబట్టి 2 గ్రాముల నుంచి 1.47 గ్రాములు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి పీడనం కొంచెం తక్కువ, అందువల్ల అదే వాయువు విశాఖపట్నంలో కంటే ఇక్కడ కొంచెం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. 30 డిగ్రీల దగ్గర ఆ 1.47 గ్రాములకు మన ఊళ్లో 850 నుంచి 900 మిల్లీలీటర్లు వస్తుంది. బెలూన్‌లో కొలిస్తే అంతకన్నా తక్కువే ఉంటుంది. కొంత వాయువు ద్రావణంలోనే కరిగి ఉండిపోతుంది, రబ్బరు బిగువు కొంత నొక్కుతుంది. 750 నుంచి 800 వరకు వస్తే ప్రయోగం బాగా జరిగినట్టే. 500 దగ్గరే ఆగితే మూతి దగ్గర లీకు ఉంది. అక్కడ సబ్బు నీళ్లు రాసి చూడండి, బుడగ లేస్తుంది.

బెలూన్ కట్టి ఉండగానే తూచాను. వాయువు ఎటూ పోలేదు, అయినా బరువు తగ్గింది! ద్రవ్యనిత్యత్వ నియమం తప్పా?

నియమం తప్పు కాదు, త్రాసూ తప్పు కాదు. ఈ సందేహం నన్ను ఒక సంవత్సరం గట్టిగా ఇబ్బంది పెట్టింది. 0.1 గ్రాము చూపించే చిన్న త్రాసు మీద సీసా, బెలూన్, సోడా, వెనిగర్ అన్నీ కలిపి 71.2 గ్రాములు. దులిపి, బెలూన్ నిండాక 70.3 గ్రాములు. లీకు అనుకుని మూతికి టేపు చుట్టించాను, రెండు సీసాలు మార్చాను. మళ్లీ అదే 0.9 గ్రాము తగ్గుదల. లీకు అయితే ప్రతిసారీ ఒకే అంకె రాదు కదా, అక్కడ నాకు అనుమానం వచ్చింది.

జరిగేది ఇది. ఉబ్బిన బెలూన్ తన చుట్టూ ఉన్న గాలిని అంత మేరకు పక్కకు నెడుతుంది. నీళ్లలో మునిగిన వస్తువు తేలికైనట్టే, గాలిలో ఉన్న వస్తువు కూడా అది పక్కకు నెట్టిన గాలి బరువంత తేలికగా తూగుతుంది. మన ఊళ్లో వేసవి మొదట్లో లీటరు గాలి సుమారు 1.1 గ్రాములు. 0.8 లీటర్ల బెలూన్ నెట్టిన గాలి 0.9 గ్రాము. త్రాసు తగ్గించి చూపించింది సరిగ్గా ఆ 0.9 గ్రామునే. దాన్ని కలిపితే మళ్లీ 71.2 వస్తుంది.

ఎనిమిదో తరగతికి ఈ ప్రయోగాన్ని ద్రవ్యనిత్యత్వానికి రుజువుగా చూపించకండి, అయోమయంలో పడతారు. పదో తరగతిలో చురుకైన వాళ్లకు మాత్రం చిక్కుప్రశ్నగా ఇవ్వండి. ఆర్కిమెడిస్ సూత్రం గాలికీ వర్తిస్తుందని వాళ్లంతట వాళ్లు పట్టుకున్న రోజు క్లాసులో వచ్చే కేక నాకు చాలా ఇష్టం.

సీసాకు మూత బిగిస్తే వాయువు లోపలే ఉంటుంది కదా, బెలూన్ ఎందుకు?

మూత బిగించకండి, ఎవరినీ బిగించనీయకండి. 50 మిల్లీలీటర్ల వెనిగర్ నుంచి వచ్చే 850 మిల్లీలీటర్ల వాయువును 250 మిల్లీలీటర్ల సీసాలో బంధిస్తే, మిగిలిన 200 మిల్లీలీటర్ల ఖాళీలో అది నాలుగు రెట్లకు పైగా కుక్కుకుని ఉండాలి. మామూలు గాలి పీడనానికి అదనంగా మరో నాలుగింతల పీడనం లోపలి గోడల మీద పడుతుంది. గాజు సీసా పగిలితే ముక్కలు కళ్లలోకి వస్తాయి. బెలూన్ అయితే సాగుతుంది, మరీ ఎక్కువైతే ఊడిపోతుంది.

## ఆ వాయువు ఏదో నిరూపించడం

అది కార్బన్ డైఆక్సైడే అని ఎలా చూపించాలి? సున్నపు తేట ఎక్కడ దొరుకుతుంది?

పాన్ డబ్బాలో దొరికే తాంబూలపు సున్నంతో చేసుకోవచ్చు. బఠాణీ గింజంత సున్నాన్ని ఒక సీసా నీళ్లలో కలిపి, కుదిపి, రాత్రంతా కదలకుండా ఉంచండి. పొద్దున పైన తేరుకున్న తేటను మెల్లగా వంచుకోండి. ఈ పని టీచరే చేయాలి, కళ్లద్దాలు పెట్టుకుని. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం. పొరపాటున పడితే వెంటనే ధారగా నీళ్లతో కనీసం పావుగంట కడిగి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పొడవాటి గ్లాసులో చెంచా సోడా వేసి కొంచెం వెనిగర్ పోయండి, నురగ అణిగేదాకా ఆగండి. ఇప్పుడు గ్లాసు నిండా ఉన్నది గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువైన వాయువు. గ్లాసును మెల్లగా వంచి, ద్రవం ఒలకకుండా ఆ వాయువును మాత్రమే, అడుగున కొంచెం సున్నపు తేట ఉన్న చిన్న సీసాలోకి దింపండి. సీసా మూసి కుదిపితే తేట పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపు కాల్షియం కార్బొనేట్ పొడి. పక్కనే మరో సీసాలో అంతే తేట పోసి, గది గాలితోనే కుదిపి చూపించండి. అది దాదాపు మారదు. ఈ రెండో సీసా లేకపోతే రుజువు సగమే.

సున్నపు తేట తెల్లబడలేదు, లేదా తెల్లబడి మళ్లీ తేటగా అయింది. తప్పు ఎక్కడ?

అసలు తెల్లబడకపోతే వెనిగర్ చుక్కలు తేటలో పడి ఉంటాయి. ఆమ్లం సున్నాన్ని మింగేస్తుంది, తెల్ల పొడినీ కరిగిస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకోకుండా చేత్తో గాలిని మీ వైపు విసురుకుని చూడండి, వెనిగర్ వాసన వస్తే అదే కారణం. తెల్లబడి మళ్లీ తేటపడితే వాయువు మరీ ఎక్కువ వెళ్లింది. తెల్ల కాల్షియం కార్బొనేట్ నీటిలో కరిగే కాల్షియం బైకార్బొనేట్‌గా మారిపోయింది. అది తప్పు కాదు, పాఠంలో ఉన్న విషయమే.

కొన్నిసార్లు సున్నం కలపగానే, వాయువు పంపకముందే నీళ్లు తెల్లగా మారి చాలాసేపు అలాగే ఉంటాయి. బోరు నీళ్లు వాడితే ఇలా అవుతుంది. మన ఊళ్లో చాలా బోర్ల నీళ్లు కఠినజలం. అందులో ముందే ఉన్న బైకార్బొనేట్లు సున్నంతో కలిసి అదే తెల్ల పొడిని ఇస్తాయి. రాత్రంతా తేరనిస్తే పొడి అడుగుకు దిగిపోతుంది. కానీ శుద్ధి చేసిన తాగునీటితో మొదలుపెడితే ఈ బాధే ఉండదు.

ఈ వాయువుతో కొవ్వొత్తి ఆర్పడం పిల్లలతో చేయించొచ్చా?

టీచర్ చేసి చూపించండి. పళ్లెంలో చిన్న కొవ్వొత్తి పెట్టి, నురగ అణిగిన గ్లాసు నుంచి వాయువును దాని మీదికి వంచితే మంట పడిపోతుంది. కంటికి ఏమీ కనబడకుండా ఆరిపోవడం వెనక బెంచీ దాకా అందరినీ కూర్చోబెడుతుంది. ఫ్యాన్ ఆపండి, చున్నీలు, వదులు జుట్టు దూరంగా ఉంచండి.

## పరీక్షలో రాసేటప్పుడు

ఇది ఏ రకం చర్య? ఒక గైడులో తటస్థీకరణ అని, ఇంకోదాంట్లో ద్వంద్వ వియోగం అని ఉంది.

ఆమ్లం క్షారగుణం ఉన్న పదార్థంతో కలిసి లవణం, నీరు ఇస్తోంది కాబట్టి ఆమ్ల క్షార చర్య అనడం అన్నిటికంటే సరైనది. లవణం ఇక్కడ సోడియం అసిటేట్. ద్వంద్వ వియోగం అన్నవాళ్లు మొదటి అడుగును చూస్తున్నారు. సోడియం, హైడ్రోజన్ తమ జతలు మార్చుకుని సోడియం అసిటేట్, కార్బానిక్ ఆమ్లం అయ్యాయి. తర్వాత కార్బానిక్ ఆమ్లం నీరుగా, కార్బన్ డైఆక్సైడ్‌గా విడిపోవడం రసాయన వియోగం. నేను పిల్లలకు చెప్పేది, ఒక్క పేరు అడిగితే ఆమ్ల క్షార చర్య అని రాయండి, వివరించమంటే రెండు అడుగులూ సమీకరణాలతో రాయండి.

వాయువు వచ్చింది కదా, ఆక్సీకరణ క్షయకరణ చర్య అనొచ్చా?

అనకూడదు. సోడాలోని బైకార్బొనేట్‌లో కార్బన్ ఆక్సీకరణ సంఖ్య +4, బయటికొచ్చిన CO2లోనూ +4. సోడియం, హైడ్రోజన్, ఆక్సిజన్‌లకు కూడా సంఖ్యలు మారలేదు. జింకు ముక్క మీద ఆమ్లం పోసినప్పుడు వచ్చే హైడ్రోజన్ అలాంటిది కాదు, అక్కడ జింకు 0 నుంచి +2కు మారుతుంది. రెండూ బుడగలే, కానీ చర్యలు వేరు.

## అయిపోయాక

మిగిలిన ద్రవాన్ని ఏం చేయాలి? సింకు శుభ్రం చేయడానికి పనికొస్తుందా?

అందులో ఉన్నది సోడియం అసిటేట్ కరిగిన నీళ్లు, కొంచెం మిగులు సోడా లేదా వెనిగర్. ఎక్కువ నీళ్లతో సింకులో పోసేయొచ్చు. రుచి చూడనీయకండి, ప్రయోగానికి వాడిన గిన్నెలు వంటకు వాడకండి. శుభ్రం చేయడం సంగతికి వస్తే, రెండూ కలిసి ఒకదాన్నొకటి తటస్థం చేసుకున్నాక సోడాకు ఉన్న క్షారగుణమూ, వెనిగర్‌కు ఉన్న ఆమ్లగుణమూ దాదాపు పోతాయి. పంపు మీది తెల్ల ఉప్పు చారలు పోవాలంటే వెనిగర్‌ను విడిగా, జిడ్డుకైతే సోడాను విడిగా వాడడం మేలు. సున్నపు తేట మిగిలితే సీసా మీద పేరు రాసి, పిల్లలకు అందకుండా తాళం ఉన్న అల్మారాలో పెట్టండి. చూడటానికి అది అచ్చం మంచినీళ్లలా ఉంటుంది.